పంటు కోసం సరిగ్గా 12 నిమిషాలు

మాస్టారూ, నేను డిగ్రీ రెండో సంవత్సరం స్టాటిస్టిక్స్ చదువుతున్నాను. మాది ముక్తేశ్వరం దగ్గర పల్లె. రోజూ పంటు మీద గౌతమి దాటి కోటిపల్లి వైపు కాలేజీకి వెళ్తాను. అవిచ్ఛిన్న యాదృచ్ఛిక చలరాశికి ఏ ఒక్క విలువ దగ్గరైనా సంభావ్యత సున్నా అని పాఠంలో చెప్పారు. కానీ ప్రతిసారీ ఏదో ఒక విలువ వస్తూనే ఉంది కదా! సంభావ్యత సున్నా అయినది ఎలా జరుగుతుంది? అన్నీ సున్నాలే అయితే, కలిపినప్పుడు ఒకటి ఎలా వస్తుంది? క్లాసులో అడిగితే "అది అంతే, రాసుకోండి" అన్నారు. రాసుకున్నాను కానీ నమ్మలేకపోతున్నాను.
— ఒక విద్యార్థిని, కోనసీమ

అమ్మా,

నువ్వు రోజూ ఎక్కే పంటునే తీసుకుందాం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేనూ ఆ రేవులో ఎదురుచూసినవాణ్ణే, కాబట్టి దాని సంగతి మనిద్దరికీ తెలుసు. లెక్క తేలిగ్గా ఉండడానికి ఒక ఊహ చేద్దాం. పంటు సరిగ్గా అరగంటకొకసారి మన రేవుకు తగులుతుంది, ఎక్కేవాళ్లను ఎక్కించుకుని వెంటనే వెళ్లిపోతుంది. నువ్వు దాని వేళలతో సంబంధం లేకుండా ఎప్పుడో ఒకప్పుడు రేవుకు చేరతావు. నిజంలో ఇలా ఉండదు. జనం నిండాలి, మోటారు సైకిళ్లు ఎక్కాలి, ఏరు పొంగితే అసలు పంటే ఉండదు. ఆ నిజానికి తర్వాత కొంచెం దగ్గరగా వెళ్దాం. ఇప్పటికి మాత్రం నువ్వు ఎదురుచూసే సమయం 0 నుంచి 30 నిమిషాల మధ్య ఎంతైనా కావచ్చు, ఆ అరగంటలో ఏ భాగానికీ ప్రత్యేకమైన మొగ్గు లేదు. మీ పుస్తకంలో దీన్నే ఏకరూప విభాజనం అంటారు.

నీ ఎదురుచూపు 12, 13 నిమిషాల మధ్య ఉండే సంభావ్యత ఎంత? 30 నిమిషాల్లో ఒక నిమిషం కాబట్టి 30లో 1. 12 నిమిషాలు దాటిన మొదటి 6 సెకన్లలో పడే సంభావ్యత 300లో 1. ఒక్క సెకనులో పడాలంటే 1800లో 1. సెకనులో పదోవంతులో పడాలంటే 18,000లో 1. సెకనులో వెయ్యోవంతు అంటే 18 లక్షల్లో 1. ఈ చిన్న చిన్న సమయపు ముక్కలను కిటికీలు అందాం. "సరిగ్గా 12 నిమిషాలు" అన్న ఆ ఒక్క విలువ ఈ కిటికీలన్నిటిలోనూ ఉంది. కాబట్టి దాని సంభావ్యత వీటిలో దేనికంటేనూ ఎక్కువ కాకూడదు. కిటికీని ఎంతవరకైనా సన్నం చేసుకుంటూ పోవచ్చు. ఆ భిన్నాలన్నిటికంటే చిన్నదై, రుణసంఖ్య కాకుండా ఉండే వాస్తవ సంఖ్య ఒక్కటే, సున్నా.

ఇక్కడ నీకు ఒక అనుమానం రావాలి. సున్నా అని ఎందుకు తేల్చడం, "చాలా చాలా చిన్నది, కానీ సున్నా కాదు" అనవచ్చు కదా అని. నీ వయసులో నాకు అదే అనిపించేది. సరే, ప్రతి విలువకూ కోటిలో ఒక వంతు సంభావ్యత ఇచ్చి చూద్దాం. 12, 13 నిమిషాల మధ్య ఉన్న ఒక్క నిమిషాన్ని కోటి సమభాగాలు చెయ్యి. చివరి గీతలతో కలిపి కోటీ ఒక్క గీతలు వస్తాయి. ఒకే రోజు నీ ఎదురుచూపు రెండు గీతల మీద పడదు, కాబట్టి వాటి సంభావ్యతలు కూడాలి. కోటీ ఒక్కసార్లు కోటిలో ఒక వంతు కూడితే ఒకటి దాటిపోతుంది. ఆ నిమిషం మొత్తానికి ఉన్నదే 30లో 1. లెక్క కూలిపోయింది. కోటికి బదులు లక్ష కోట్లు పెట్టినా కూలే తీరు ఇదే. అంటే మనం విలువలన్నిటినీ సమానంగా చూస్తున్నంతవరకు, ధన సంఖ్య ఎంత చిన్నదైనా మరీ పెద్దదే అవుతుంది. సున్నాను ఎవరో సౌకర్యానికి పెట్టుకోలేదు. మిగతా సంఖ్యలన్నీ తప్పని తేలాక మిగిలినది అది.

విలువలను సమానంగా చూడకపోయినా ఈ వాదంలో సగం నిలబడుతుంది, దాన్ని ఇప్పుడే పక్కన ఉంచుకో, చివర్లో పనికొస్తుంది. ఏ యాదృచ్ఛిక చలరాశికైనా, నూటికి ఒకటి కంటే ఎక్కువ సంభావ్యత ఉన్న విలువలు 99కి మించి ఉండలేవు. నూరు ఉంటే మొత్తం ఒకటి దాటుతుంది. వెయ్యికి ఒకటి కంటే ఎక్కువ ఉన్నవి 999కి మించవు. అలా చూస్తే, సున్నా కాని సంభావ్యత ఉన్న విలువలు ఎన్ని ఉన్నా, వాటిని ఒక వరసలో పెట్టి మొదటిది, రెండోది, మూడోది అని లెక్కబెట్టవచ్చు.

ఇప్పుడు నీ అసలు ప్రశ్నకు వద్దాం. సున్నా అయినది ఎలా జరుగుతుంది?

రేవులో నిలబడి ఉన్నావనుకో. పంటు ఒడ్డుకు తగిలింది, పంటు మీది మనిషి తాడు విసిరాడు, ఇవతలి వాడు అందుకుని గుంజకు చుట్టాడు. నువ్వు గడియారం చూసుకున్నావు. సెకన్ల ముల్లు రెండు గీతల మధ్య ఉంది. మొదటి గీతకు కొంచెం దగ్గరగా, కానీ దాని మీద కాదు. దగ్గరగా అంటే ఎంత? ఇంకా సన్నని గీతలున్న గడియారం ఉంటే, ముల్లు అక్కడా రెండు గీతల మధ్యే కనబడుతుంది. నువ్వు చూడగలిగిందల్లా ఒక కిటికీ. ఆ కిటికీకి సున్నా కాని సంభావ్యత ఉంది. అంటే నువ్వు నిజంగా గమనించి పుస్తకంలో రాసుకున్న ఏ సంఘటనా సున్నా సంభావ్యత గలది కాదు. "12 నిమిషాలు" అని రాశావంటే, దానికి అర్థం పదకొండున్నర నుంచి పన్నెండున్నర దాకా ఎక్కడో అని. దాని సంభావ్యత 30లో 1.

కానీ కొలత మోటుదనం వెనక దాక్కుంటే నీకు తృప్తి ఉండదు, నాకూ ఉండదు. గడియారం సంగతి వదిలేద్దాం, ఎదురుచూపు నిజంగానే ఒక కచ్చితమైన వాస్తవ సంఖ్య అనుకుందాం. అప్పుడు కూడా ఇబ్బంది లేదు. ఎందుకంటే ఇక్కడ రెండు వేర్వేరు ప్రశ్నలు ఒకే మాటల్లో దాగి ఉన్నాయి. ఇంటి దగ్గర బయలుదేరే ముందే ఒక చీటీ మీద ఒక విలువ రాసి, "ఈ రోజు నా ఎదురుచూపు ఇదే అవుతుందా?" అని అడగడం ఒకటి. పంటు ఎక్కాక, "ఏ విలువ వచ్చిందో ఆ విలువే వచ్చిందా?" అని అడగడం ఇంకొకటి. మొదటి దానికి సంభావ్యత సున్నా, చీటీ మీద ఏ విలువ రాసినా సున్నాయే. రెండో దానికి సంభావ్యత ఒకటి, అది ఎప్పుడూ నిజమే. "ఏదో ఒక విలువ వస్తుంది కదా" అని నువ్వు అన్నది రెండోది. పాఠంలో చెప్పింది మొదటిది. వచ్చిన విలువను చూపించి "దీని సంభావ్యత సున్నా కదా, మరి ఎలా వచ్చింది" అని అడిగినప్పుడు, జరిగిపోయాక రాసిన చీటీని ముందే రాసినట్టు చూస్తున్నాం. విచ్ఛిన్న చలరాశిలో ఈ తేడా మనల్ని బాధించదు. పాచిక వేసి నాలుగు పడితే, ముందు అడిగినా "నాలుగు"కు ఆరింట ఒక వంతు ఉంది. అందుకే అక్కడ రెండు ప్రశ్నలను కలిపేసే అలవాటు పడింది మనకు.

"సంభావ్యత సున్నా" అన్నదానికి "అసాధ్యం" అని అర్థం కాదని కూడా అప్పుడు తేలుతుంది. అసాధ్యమైనదాని సంభావ్యత సున్నా, అది నిజం. దాని విపర్యయం నిజం కాదు. నీ ఎదురుచూపు 45 నిమిషాలు కావడం అసాధ్యం, ఎందుకంటే మన ఊహలో అరగంటకు పంటు వచ్చి తీరుతుంది. సరిగ్గా 12 కావడం అసాధ్యం కాదు. రెండిటికీ సంభావ్యత సున్నాయే. కొలబద్ద రెండిటినీ వేరు చేసి చూపించలేదు. ఒక చుక్క పొడవు సున్నా అంటే అక్కడ చుక్క లేదని కాదు కదా. సంభావ్యత కూడా పొడవులాంటి కొలతే, ఉనికిని చెప్పే ముద్ర కాదు.

ఇక కూడిక. నా దృష్టిలో నీ ఉత్తరంలోని అసలైన ప్రశ్న ఇదే, దీని దగ్గర కాసేపు ఆగుదాం. "అన్నీ సున్నాలే అయితే" అన్నప్పుడు నీ మనసులో ఒక బొమ్మ ఉంది. విలువలన్నీ వరసగా నిలబడి ఉన్నాయి, నువ్వు మొదటి దాని సున్నాకు రెండో దాని సున్నా, దానికి మూడో దాని సున్నా కలుపుతూ పోతున్నావు. వరస అంటూ ఉంటే, అది అంతులేనిదైనా సరే, నువ్వు అన్నది నిజమే, మొత్తం సున్నాయే వస్తుంది. ఆంద్రే కొల్మొగొరొవ్ 1933లో సంభావ్యతకు పునాది సూత్రాలు రాసినప్పుడు, కూడిక సూత్రాన్ని సరిగ్గా ఇలాంటి వరసలకే ఇచ్చాడు. ఒకటి, రెండు, మూడు అని లెక్కబెట్టగల సంఘటనలకు, అవి ఒకదానితో ఒకటి కలవనివైతే, సంభావ్యతలు కూడవచ్చు. మరి 0 నుంచి 30 వరకు ఉన్న క్షణాలన్నిటినీ అలా వరసలో పెట్టగలమా? పెట్టలేం. గియోర్గ్ కాంటర్ 1874లో దీన్ని నిరూపించాడు. ఆయన దారి కాకుండా మన పనికి దగ్గరైన దారి ఒకటి చూపిస్తాను.

ముందు ఒక చిన్న వరస పెడదాం. దశాంశ బిందువు తర్వాత పరిమితంగా అంకెలు ఉన్న నిమిషాలన్నిటినీ తీసుకో. మొదట పూర్తి నిమిషాలు 0, 1, 2 అంటూ 30 దాకా, మొత్తం 31. ఆ తర్వాత ఒక దశాంశ స్థానం ఉన్నవి, అంటే 0.1, 0.2 లాంటివి, ముందే వచ్చినవి వదిలేసి. తర్వాత రెండు స్థానాలవి, తర్వాత మూడు స్థానాలవి. ఏ గడియారం చూపించే ఏ దశాంశమైనా, దాని అంకెలు ఎన్ని ఉన్నా, ఈ వరసలో ఎక్కడో ఒకచోట తప్పకుండా ఉంటుంది.

ఇప్పుడు 30 నిమిషాల పొడవున్న ఒక అరుగును ఊహించుకో. ఈ వరసలోని ప్రతి క్షణం మీదా ఒక చాప పరుద్దాం. మొదటి క్షణం మీద ఒక నిమిషం పొడవున్న చాప. రెండో దాని మీద అర నిమిషం. మూడో దాని మీద పావు నిమిషం. ప్రతిసారీ సగం. చాపలు అంతులేనన్ని, కానీ వాటి పొడవులన్నీ కలిపితే రెండు నిమిషాలు. ఒకదాని మీద ఒకటి పడితే ఇంకా తక్కువే కప్పుతాయి. కాబట్టి నీ ఎదురుచూపు ఏదో ఒక చాప మీద పడే సంభావ్యత 30లో 2కు మించదు. మొదటి చాపను ఒక సెకను పొడవుగా కోసి మళ్లీ అలాగే సగం చేసుకుంటూ పరిస్తే, మొత్తం రెండు సెకన్లు, అంటే 900లో 1కి మించదు. ఇంకా చిన్నగా కోస్తే ఇంకా తక్కువ. అంటే పరిమితమైన అంకెలతో రాయగల విలువలన్నిటికీ కలిపి సంభావ్యత సున్నా. ఒక్కొక్కదానికి కాదు, అన్నిటికీ కలిపి. నాకు ఇది మొదటిసారి అర్థమైన రోజు బాగా గుర్తుంది, ఆ అరుగు మీద ఎక్కడ వేలు పెట్టినా దాని పక్కనే అలాంటి ఒక విలువ ఉంటుంది, అయినా అవన్నీ కలిసి ఏమాత్రం చోటు తీసుకోవు.

ఈ వాదంలో ఆ వరస దశాంశాలదే కావాలని ఎక్కడా వాడలేదు చూడు. ఏ వరస ఇచ్చినా అదే చాపలు పరచవచ్చు. కాబట్టి ఎవరైనా "30 నిమిషాల్లోని క్షణాలన్నిటినీ నేను వరసలో పెట్టాను" అంటే, మనం వాటన్నిటినీ రెండు నిమిషాల చాపలతో కప్పేస్తాం. అప్పుడు 30 నిమిషాల అరుగు రెండు నిమిషాల చాపలతో పూర్తిగా కప్పబడాలి. అది కుదరదు. "పొడవు సరిపోని చాపలు అంతులేనన్ని ఉన్నా కప్పలేవు" అన్న మాటకు విడిగా ఒక నిరూపణ కావాలి, అది నీకు విశ్లేషణ పాఠంలో వస్తుంది. ఆ మెట్టును నేను ఇక్కడ దాటేశాను, దాటానని నీకు తెలియాలి. అది ఒప్పుకుంటే, క్షణాలన్నిటికీ వరస లేదు. వరస లేనప్పుడు కూడిక సూత్రం వాటికి వర్తించదు. "సున్నాలన్నీ కలిపితే ఒకటి వచ్చింది" అని ఎవరూ అనలేదు. ఆ కూడిక ఎవరూ చెయ్యలేదు, చెయ్యడానికి వీల్లేదు. మొత్తం ఒకటి అన్నది నిడివినిబట్టి నేరుగా వచ్చింది.

ఇదంతా కాగితం మీది మాయలా అనిపిస్తే, ఒకసారి ఎగువకు ధవళేశ్వరం దాకా వెళ్దాం. అక్కడ బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 13.75కు రెండోది, 17.75కు మూడోది. వరద రోజుల్లో మన లంకల్లో ఈ మూడు అంకెలు తెలియని మనిషి ఉండడు. ఒక రాత్రి 10 గంటలకు మట్టం 11 అడుగులు ఉందనీ, తెల్లవారి 6 గంటలకు 12.5 అయిందనీ అనుకుందాం. అలలను పక్కన పెట్టి, నీరు గెంతకుండా పెరుగుతుందని ఒప్పుకుందాం. ఆ రాత్రి ఏదో ఒక క్షణాన మట్టం సరిగ్గా 11.75 అయి తీరాలి. పూర్తి సంభావ్యతతో, తప్పకుండా. ఇప్పుడు నువ్వు పడుకునే ముందు ఒక క్షణాన్ని ఎంచుకో, సరిగ్గా రెండు గంటలు అనుకుందాం. ఆ క్షణాన మట్టం సరిగ్గా 11.75 ఉండే సంభావ్యత ఎంత? సున్నా. రెండు గంటలు దాటిన ఒక సెకనుకు? సున్నా. నువ్వు పేరు పెట్టి చెప్పే ప్రతి క్షణానికీ సున్నా. రాత్రి మొత్తానికి ఒకటి. నది ఆ గీతను దాటడంలో ఎవరికీ విడ్డూరం కనబడదు. ఎదురుచూపు విషయంలో కనబడిన విడ్డూరం కూడా సరిగ్గా ఇదే.

మరి ఒక్కో విలువకు సున్నా అయితే, 12 నిమిషాల దగ్గర పట్టుకోవడానికి ఏమీ లేదా? ఉంది, దాని పేరు సాంద్రత. కిటికీ సంభావ్యతను కిటికీ వెడల్పుతో భాగించు. ఒక నిమిషం కిటికీకి 30లో 1, భాగిస్తే నిమిషానికి 30లో 1. 6 సెకన్ల కిటికీ, అంటే 0.1 నిమిషం, దానికి 300లో 1, భాగిస్తే మళ్లీ 30లో 1. కిటికీ ఎంత సన్నబడినా సంభావ్యత తరుగుతుంది, ఈ నిష్పత్తి తరగదు. చుక్క దగ్గర మిగిలేది ఇదే. దీన్ని సంభావ్యత అనుకోవడం విద్యార్థులు ఎక్కువగా చేసే పొరపాటు, పరీక్ష పేపర్లు దిద్దిన ఇన్నేళ్లలో లెక్కలేనన్నిసార్లు చూశాను. పొరపాటు పట్టుకోవడానికి ఒక దారి ఉంది. అదే ఎదురుచూపును గంటల్లో కొలువు. ఇప్పుడు మొత్తం నిడివి అర గంట, కాబట్టి సాంద్రత గంటకు 2. ఏ సంభావ్యతా ఒకటిని దాటదు. సాంద్రత దాటుతుంది, ఎందుకంటే అది "గంటకు ఇంత" అన్న రేటు, కొలమానం మారితే మారుతుంది. దాన్ని ఏదో ఒక వెడల్పుతో గుణిస్తేనే సంభావ్యత అవుతుంది. వెడల్పు సున్నా అయినప్పుడు వచ్చేదీ సున్నాయే.

ఏ ఒక్క విలువకైనా సంభావ్యత సున్నా కాబట్టే, మీ పుస్తకంలో `P(a < X < b)`, `P(a ≤ X ≤ b)` రెండూ ఒకటే అని రాస్తారు. చివరి రెండు చుక్కలు ఉన్నా లేకున్నా తేడా రాదు.

ఇప్పుడు నిజమైన పంటు వైపు కొంచెం జరుగుదాం, ఎందుకంటే ఈ నియమం ఎక్కడ ఆగిపోతుందో తెలియకపోతే తెలిసినది సగమే. పంటు వచ్చిన వెంటనే వెళ్లిపోదు. 30 నిమిషాల చక్రంలో 5 నిమిషాలు మన ఒడ్డునే ఆగి జనాన్ని ఎక్కించుకుంటుంది అనుకుందాం. ఆ 5 నిమిషాల్లో ఎప్పుడు వచ్చినా నువ్వు నేరుగా ఎక్కేస్తావు. ఎక్కడానికి పట్టిన ఎదురుచూపు సున్నా నిమిషాలు. దాదాపు సున్నా కాదు, సరిగ్గా సున్నా. దాని సంభావ్యత 30లో 5, అంటే ఆరింట ఒక వంతు. మిగతా 25 నిమిషాల్లో వస్తే ఎదురుచూపు 0, 25ల మధ్య ఎక్కడైనా కావచ్చు, అందులో ఏ ఒక్క విలువకూ సంభావ్యత లేదు. సమయం అవిచ్ఛిన్నమైన రాశే. అయినా ఒక విలువ దగ్గర సంభావ్యత ముద్దగా పేరుకుంది. రాశి కొలిచే వస్తువు అవిచ్ఛిన్నమైతే చాలదు, విభాజనంలో ముద్దలు ఉండకూడదు. ఒక రోజు కురిసిన వాన కొలత కూడా ఇలాంటిదే, అసలు చినుకు పడని రోజులకు సున్నా దగ్గర ముద్ద ఉంటుంది. ఇలాంటి ముద్దలు ఎన్ని ఉన్నా వరసలో లెక్కబెట్టగలిగినన్నే ఉంటాయని పైన చూశాం.

ముద్ద ఉందో లేదో తెలుసుకోవడానికి అదే కిటికీ పనికొస్తుంది. ఎదురుచూపు ఒక నిమిషం లోపు ఉండే సంభావ్యత ఇప్పుడు 30లో 6, అంటే 0.2. 6 సెకన్ల లోపు అయితే 300లో 51, అంటే 0.17. ఒక సెకను లోపు అయితే 1800లో 301, అంటే దాదాపు 0.1672. కిటికీ పదో వంతుకు తగ్గినా సంభావ్యత పదో వంతుకు పడిపోలేదు, ఆరింట ఒక వంతు దగ్గర ఆగిపోతోంది. 12 నిమిషాల దగ్గర ఇదే పని చేస్తే కిటికీతో పాటు సంభావ్యత కూడా పడిపోతూ సున్నాకు చేరుతుంది.

ఇది నువ్వే చేసి చూడవచ్చు. కాలేజీ ఉన్న 60 రోజుల పాటు, రేవుకు చేరిన దగ్గరి నుంచి పంటు ఎక్కగలిగే దాకా ఎంతసేపు పట్టిందో సెకన్లలో నోటు పుస్తకంలో రాసుకో. రోజూ పంటు వేళ చూసుకుని బయలుదేరితే మన ఊహ చెడుతుంది, కాబట్టి వేళ చూడకుండా వెళ్లాలి. పంటు మన లెక్క ప్రకారమే నడిస్తే, సుమారు 10 సున్నాలు వస్తాయి, మిగతావి 50 వేర్వేరు సంఖ్యలు. ఆ 50లో ఒక విలువ రెండుసార్లు కనబడితే కంగారు పడకు. 25 నిమిషాల్లో ఉన్నవి 1500 సెకన్లే, 50 సంఖ్యల్లో జతలు 1225 ఉన్నాయి, కాబట్టి ఎక్కడో ఒక జత కలిసే అవకాశం సగానికి పైనే. అది పూర్తి సెకన్లకు సవరించి రాయడం వల్ల వచ్చిన కలయిక. సెకనులో పదోవంతు దాకా రాస్తే ఆ అవకాశం 8 శాతం దగ్గరకు పడిపోతుంది. సున్నాలు మాత్రం ఎంత సన్నగా రాసినా ఒక్కటి కూడా తగ్గవు.